జవాబుకు దారి ఎవరిస్తారు?

పచ్చళ్లు అమ్మే ఒక చిన్న వెబ్‌సైటు ఉందనుకుందాం. దుకాణం గుంటూరులో, కొనేవాళ్లు విజయవాడ నుంచి డాలస్ దాకా. సైటు నడిచే మెషీన్లు మాత్రం అమెజాన్ 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లో అద్దెకు తీసుకున్నవి. ఒకరోజు పొద్దున్నే సైటు చూసుకునే అమ్మాయి సర్వర్ లాగ్ తెరిస్తే ఒకే అడ్రసు కనిపించింది: 198.51.100.7. రాత్రంతా లాగిన్ పేజీ మీద పాస్‌వర్డులు మార్చి మార్చి కొడుతూనే ఉంది. (ఉదాహరణల కోసమని పక్కన పెట్టిన అడ్రసుల్లో ఇదొకటి. నిజంగా ఎవరిదీ కాదు.)

ఆ ఒక్క అడ్రసును ఆపేస్తే చాలనుకుని ఆమె సెక్యూరిటీ గ్రూప్ తెరిచింది. అక్కడ 'రానివ్వు' అని రాయడానికే చోటుంది, 'రానివ్వకు' అని రాయడానికి లేదు. వెతగ్గా వెతగ్గా నెట్‌వర్క్ ఏసీఎల్ దొరికింది. అందులో అడ్డగించే వీలుంది. కొత్త ఏసీఎల్ ఒకటి సృష్టించి, దాడి చేస్తున్న అడ్రసును ఆపమని రాసి, మిగతా అందరికీ వెబ్‌సైటు పోర్టు 443 తెరిచి, సబ్‌నెట్‌కు తగిలించింది. మరుక్షణం సైటు ఆగిపోయింది. దాడి చేసేవాడికి ఒక్కడికే కాదు, ఊరందరికీ.

ఆమె రాసిన నియమాల్లో అక్షరం తప్పు లేదు. ఆ రెండు కాపలాల మధ్య ఉన్న ఒక తేడా తెలియకపోవడమే చిక్కు. ఒకదానికి జ్ఞాపకం ఉంది, రెండోదానికి లేదు.

ముందు ఎవరు ఎక్కడ నిలబడతారో చూద్దాం. అమెజాన్ క్లౌడ్‌లో మనకంటూ కేటాయించుకున్న ప్రైవేటు నెట్‌వర్కును వీపీసీ అంటారు. మన దుకాణం వీపీసీలో రెండు సబ్‌నెట్లున్నాయి. మొదటిదాంట్లో వెబ్ సర్వర్, అడ్రసు 10.0.1.10. రెండోదాంట్లో సరుకుల జాబితా, ఆర్డర్లు దాచే మైఎస్‌క్యూఎల్ డేటాబేసు, అడ్రసు 10.0.2.20. నెట్‌వర్క్ ఏసీఎల్ సబ్‌నెట్ సరిహద్దులో ఉంటుంది. ఆ సబ్‌నెట్‌లోకి వచ్చే ప్రతి ప్యాకెట్టూ, బయటికి పోయే ప్రతి ప్యాకెట్టూ దాన్ని దాటాలి. సెక్యూరిటీ గ్రూప్ అలా కాదు, మెషీన్ తాలూకు నెట్‌వర్క్ కార్డుకే అంటుకుని ఉంటుంది. బయటి నుంచి వచ్చే ప్యాకెట్టు ముందు ఏసీఎల్‌ను, తర్వాత సెక్యూరిటీ గ్రూప్‌ను దాటి మెషీన్‌ను చేరుతుంది. ఒకే సబ్‌నెట్‌లోని రెండు మెషీన్లు తమలో తాము మాట్లాడుకుంటే సరిహద్దు దాటడమంటూ ఉండదు కనుక ఏసీఎల్ అసలు చిత్రంలోకే రాదు. వెబ్ సర్వర్నీ డేటాబేసునీ ఒకే సబ్‌నెట్‌లో పెట్టి, మధ్యలో ఏసీఎల్ కాపలా ఉందని ధైర్యంగా ఉండేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఒక కొనుగోలుదారు ఫోనులో సైటు తెరిచాడు. ఫోను అడ్రసు 203.0.113.25. వెబ్ సర్వర్ 443 పోర్టులో కూర్చుని ఉంటుందని లోకమంతటికీ తెలుసు. కానీ జవాబు తిరిగి రావడానికి ఫోనుకూ ఒక పోర్టు కావాలి కదా. ఫోను అప్పటికప్పుడు ఖాళీగా ఉన్న పెద్ద నంబరు ఒకటి తీసుకుంటుంది, 51514 అనుకోండి. దీన్ని ఎఫెమెరల్ పోర్టు అంటారు, ఆ సంభాషణ ముగియగానే వదిలేసే తాత్కాలిక పోర్టు. వెళ్లే ప్యాకెట్టు 51514 నుంచి 443కు వెళితే, జవాబు 443 నుంచి 51514కు వస్తుంది. ఆమె సైటు ఆగిపోయింది సరిగ్గా ఈ రెండో ప్రయాణంలోనే.

సెక్యూరిటీ గ్రూప్ స్టేట్‌ఫుల్. అంటే సంభాషణ ఏ స్థితిలో ఉందో గుర్తుంచుకుంటుంది. ఫోను నుంచి మొదటి ప్యాకెట్టు వచ్చి, నియమాల ప్రకారం లోపలికి అనుమతి దొరికితే, ఒక పట్టికలో వరుస రాసుకుంటుంది: ఎవరి అడ్రసు, ఏ పోర్టు, ఎవరికి, ఏ పోర్టుకు, ఏ ప్రోటోకాల్. ఆ వరుసకు అద్దంలో ప్రతిబింబంలా సరిపోయే ప్యాకెట్టు ఎదురు దిక్కున వస్తే, 'ఇది ఇందాకటి మాటకు జవాబు' అని ఏ నియమాన్నీ అడగకుండా వదిలేస్తుంది. ఒక్క ప్రయోగంతో ఇది తేలిపోతుంది. సెక్యూరిటీ గ్రూప్‌లో బయటికి పోయే నియమాలన్నీ తీసేసి, ఫోను నుంచి సైటును కొత్తగా తెరవండి. పేజీ వచ్చేస్తుంది. బయటికి దారే లేని మెషీన్ జవాబెలా ఇచ్చిందంటే, పట్టికలో వరుస ఉంది కాబట్టి.

నెట్‌వర్క్ ఏసీఎల్ స్టేట్‌లెస్. దానికి పట్టిక లేదు. ప్రతి ప్యాకెట్టూ దానికి మొదటి ప్యాకెట్టే. పాతకాలపు సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి టీ తాగి వస్తే, మొహం గుర్తుపట్టి లోపలికి పంపే గేటుమ్యాన్ ఒకడు. వెళ్లింది నిమిషం క్రితమే అయినా, గోడకు అంటించిన కాగితంలో ఏం రాసుందో చూసి అదే చెప్పేవాడు ఇంకొకడు. ఏసీఎల్ ఈ రెండో మనిషి.

ఇక ఆమె రాసిన కాగితం చూద్దాం:

```
Inbound
90    ALL   ALL   198.51.100.7/32   DENY
100   TCP   443   0.0.0.0/0         ALLOW
*     ALL   ALL   0.0.0.0/0         DENY

Outbound
100   TCP   443   0.0.0.0/0         ALLOW
*     ALL   ALL   0.0.0.0/0         DENY
```

ఏసీఎల్ నియమాలకు నంబర్లుంటాయి. చిన్న నంబరు నుంచి మొదలుపెట్టి, సరిపోయిన మొదటి నియమం దగ్గరే ఆగుతుంది. కింద ఏముందో చూడదు. చివర్లో నక్షత్రం గుర్తున్న వరుస 'ఏదీ సరిపోకపోతే అడ్డగించు' అంటుంది, దాన్ని తీసేయడం కుదరదు. కొనుగోలుదారు ప్యాకెట్టు 443కు వచ్చింది, 100వ నియమం లోపలికి పంపింది. సర్వర్ జవాబు తయారుచేసింది. ఆ జవాబు వెళ్లాల్సింది ఫోను వైపున్న 51514కు. బయటికి పోయే నియమాల్లో గమ్యం 443 అయితేనే వదులుతామని ఉంది. 51514 దానికి సరిపోదు, కాబట్టి నక్షత్రం వరుస పట్టుకుంది.

443ను రెండు వైపులా తెరిస్తే రాకపోకలు రెండూ కుదురుతాయనుకోవడం చాలా సహజం. సెక్యూరిటీ గ్రూప్‌తో అలవాటు పడ్డవాళ్లకు మరీ సహజం. నిజానికి బయటికి తెరిచిన 443, మన సర్వరే ఇంకో వెబ్‌సైటుకు ఫోన్ చేసినప్పుడు పనికొస్తుంది తప్ప, మన దగ్గరికి వచ్చినవాళ్లకు జవాబివ్వడానికి కాదు.

ఇలాంటి ఆటంకాన్ని బయటి నుంచి ఎలా పసిగట్టాలి? ఏసీఎల్ అయినా, సెక్యూరిటీ గ్రూప్ అయినా అడ్డగించిన ప్యాకెట్టును చప్పుడు చేయకుండా పారేస్తాయి, 'కుదరదు' అని తిరిగి చెప్పవు. అందుకే బ్రౌజర్ గిరగిరా తిరిగి తిరిగి, చివరికి `Connection timed out` అంటుంది. దానికి బదులు `Connection refused` అని వెంటనే వస్తే సాధారణంగా అది మంచి కబురే. ప్యాకెట్టు మెషీన్ దాకా వెళ్లింది, జవాబు తిరిగి రాగలిగింది, ఆ పోర్టులో వినే ప్రోగ్రామే లేదు. అప్పుడు క్లౌడ్ నియమాలు తవ్వడం మానేసి, సర్వర్‌లో సర్వీసు లేచిందో లేదో చూసుకోవాలి.

రెండు కాపలాల్లో ఎవరు ఆపారన్నది తేల్చాలంటే వీపీసీ ఫ్లో లాగ్స్ ఉండాలి. నెట్‌వర్క్ కార్డు దగ్గర ఏ రాకపోకను వదిలారో, దేన్ని ఆపారో అందులో నమోదవుతుంది. మన కేసులో అవసరమైన కాలమ్‌లు మాత్రం తీసుకుంటే ఇలా కనిపిస్తుంది:

```
203.0.113.25  10.0.1.10     51514  443    ACCEPT
10.0.1.10     203.0.113.25  443    51514  REJECT
```

ఆపింది ఏసీఎలా, సెక్యూరిటీ గ్రూపా అని లాగ్ పేరు పెట్టి చెప్పదు. కానీ ఈ రెండు వరుసల్ని కలిపి చదివితే దాచేదేమీ లేదు. ఒకే సంభాషణలో వచ్చిన ప్యాకెట్టుకు ఆమోదం, దాని జవాబుకు తిరస్కారం. గుర్తుపెట్టుకునేవాడు ఇలా చేయడు. రాకకు ఒప్పుకున్న సెక్యూరిటీ గ్రూప్ జవాబును ఆపదు కాబట్టి, ఈ జంట కనిపించిన చోట ఏసీఎల్ మీదే వేలు పెట్టొచ్చు.

ఆమె సంగతి గ్రహించి, బయటికి పోయే నియమాల్లో తాత్కాలిక పోర్టులు తెరిచింది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది ఇంకో తిరకాసు. ఎఫెమెరల్ పోర్టు ఏదన్నది అవతలివాళ్ల మెషీన్ ఇష్టం. ఇప్పటి విండోస్ 49152 నుంచి 65535 మధ్య తీసుకుంటుంది. లినక్స్ మామూలుగా 32768 నుంచి 60999 దాకా వాడుతుంది. ఎవరైనా విండోస్ లెక్క చూసి 49152 నుంచే తెరిచారనుకోండి. ఆఫీసు కంప్యూటర్లలో సైటు హాయిగా నడుస్తుంది, కొందరికి మాత్రం ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. ఇలా వచ్చీ రాని జబ్బు అసలు రాని జబ్బు కంటే చెడ్డది. పైగా మధ్యలో మొబైల్ కంపెనీలు, రూటర్లు అడ్రసుల్ని మార్చేటప్పుడు పోర్టు నంబరును కూడా మార్చేస్తాయి. అందుకే బహిరంగంగా నడిచే సైటుకు 1024 నుంచి 65535 దాకా మొత్తం తెరవడం తప్ప మార్గం లేదు.

తెరిచాక హోమ్ పేజీ వచ్చింది. కానీ పచ్చళ్ల జాబితా ఖాళీ. డబ్బు కట్టే పేజీ దగ్గర కూడా ఆగిపోతోంది. ఈసారి మాట మొదలుపెట్టింది మన వెబ్ సర్వరే. అది 40112 లాంటి తన తాత్కాలిక పోర్టు నుంచి డేటాబేసు పోర్టు 3306కు అడిగింది. కొత్తగా తెరిచిన పెద్ద శ్రేణిలో 3306 కూడా ఉంది కాబట్టి ప్రశ్న బయటికి పోయింది. జవాబు 40112కు తిరిగొస్తుంటే లోపలికి వచ్చే నియమాల్లో 443 ఒక్కటే ఉంది. మళ్లీ నక్షత్రం వరుసే. పేమెంట్ కంపెనీ సర్వర్ ఇచ్చిన జవాబుకూ ఇదే గతి. కాబట్టి లోపలికి కూడా 1024 నుంచి 65535 తెరవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూస్తే, ఆమె ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది. ఒక అడ్రసును ఆపుదామని మొదలుపెట్టి, చివరికి ప్రపంచం మొత్తానికి అరవై వేలకు పైగా పోర్టులు ఏసీఎల్ దగ్గర తెరిచింది. జ్ఞాపకం లేని కాపలాకు జవాబేదో, కొత్తగా తలుపు తట్టేదేదో తెలియదు. జవాబుల కోసం తెరిచిన శ్రేణిలోంచే ఎవరైనా 8080కో 3306కో కొత్తగా రావచ్చు. ఆ తట్టే చేతుల్ని నిజంగా ఆపేది వెనకాల ఉన్న సెక్యూరిటీ గ్రూప్. అది 443 తప్ప వేరే పోర్టుకు కొత్త సంభాషణల్ని ఒప్పుకోదు, జవాబుల్ని మాత్రం పట్టిక చూసి వదులుతుంది. ఏసీఎల్‌తో సన్నని చెక్కుడు పని చేయించాలనుకోవడమే పొరపాటని నా అభిప్రాయం.

ఆమె ఆ పొద్దున చేయాల్సిన పని ఇంతకంటే చాలా చిన్నది. ప్రతి వీపీసీతో పాటు వచ్చే డిఫాల్ట్ ఏసీఎల్‌లో 100వ నంబరు దగ్గర రెండు వైపులా 'అందరినీ రానివ్వు' అని ముందే ఉంటుంది. మనం కొత్తగా సృష్టించే ఏసీఎల్ అందుకు పూర్తిగా తలకిందులు, ఖాళీగా పుట్టి అంతటినీ అడ్డగిస్తుంది. డిఫాల్ట్‌ను ముట్టుకోకుండా, 100కు ముందు ఒక్క వరుస చేర్చి ఉంటే సరిపోయేది:

```
aws ec2 create-network-acl-entry \
  --network-acl-id <ACL-ID> --ingress \
  --rule-number 90 --protocol -1 \
  --cidr-block 198.51.100.7/32 --rule-action deny
```

నంబరు 90 అనేది ఇక్కడ ప్రాణం. అదే వరుసను 110లో రాస్తే, 100వ నియమం దగ్గరే అందరితో పాటు దాడి చేసేవాడూ లోపలికి వెళ్లిపోతాడు. స్క్రీను మీద అడ్డగింపు నియమం కనబడుతూనే ఉంటుంది, దాని దాకా ఎవరూ రారు. సెక్యూరిటీ గ్రూప్‌లో ఈ బెంగ లేదు. అక్కడ అన్నీ అనుమతులే కాబట్టి వరుసతో పనిలేదు, ఏ ఒక్కటి ఒప్పుకున్నా సరే.

ఇంకో షరతు కూడా ఉంది. సర్వర్ ముందు అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ పెట్టుకుని ఉంటే, సర్వర్ ఉన్న సబ్‌నెట్‌కు చేరే ప్యాకెట్ల మీద పంపినవాడి అడ్రసు లోడ్ బ్యాలెన్సర్‌దే ఉంటుంది. 198.51.100.7 అక్కడ ఎప్పటికీ కనబడదు. అడ్డగింపు లోడ్ బ్యాలెన్సర్ కూర్చున్న సబ్‌నెట్ ఏసీఎల్‌లో రాయాలి. దాడి వందల అడ్రసుల నుంచి వస్తుంటే ఏసీఎల్ చాలదు. ఒక్కో వైపు 20 నియమాలే మామూలు పరిమితి, అడిగి పెంచుకున్నా 40. అప్పుడు వెబ్ ఫైర్‌వాల్ సంగతి చూడాలి.

డేటాబేసు విషయంలో సెక్యూరిటీ గ్రూప్ చేసే ఒక పని ఏసీఎల్‌కు అసలు చేతకాదు. డేటాబేసు గ్రూప్‌లో '3306కు 10.0.1.10ను రానివ్వు' అని అడ్రసు రాయక్కర్లేదు. 'వెబ్ సర్వర్ల సెక్యూరిటీ గ్రూప్ తగిలించుకున్న ఎవరినైనా రానివ్వు' అని రాయొచ్చు. సంక్రాంతికి ఆర్డర్లు పెరిగి ఒక సర్వర్ నాలుగైతే, కొత్తవాటి అడ్రసులేమిటో ఎవరూ చూసుకోనక్కర్లేదు. పండగయ్యాక మూడింటిని ఆపేస్తే, పాత అడ్రసుల అనుమతులు ఎక్కడో మిగిలిపోయే ప్రమాదమూ లేదు. ఏసీఎల్‌కు అడ్రసుల శ్రేణులే తెలుసు, గ్రూపులు తెలియవు.

ఇంతవరకూ చదివితే జ్ఞాపకం ఉండటమే మేలని తోస్తుంది. అదే జ్ఞాపకం ఎదురుతిరిగే సందర్భం ఒకటుంది. సైటు కట్టిన కాంట్రాక్టరు ఆఫీసు అడ్రసుకు మాత్రమే పోర్టు 22, అంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, తెరిచి ఉంచారనుకోండి. అతనితో పని ముగిసింది, లేదా అతని ల్యాప్‌టాప్ ఎవరి చేతిలోనో పడిందని తెలిసింది. వెంటనే సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ నియమం తీసేస్తారు. కొత్తగా లాగిన్ కావడం కుదరదు, నిజమే. కానీ అప్పటికే లోపల తెరిచి ఉన్న సెషన్ అలాగే నడుస్తూ ఉండొచ్చు! దాని వరుస పట్టికలో ఉంది, వరుస ఉన్నంతకాలం అది 'ఇందాకటి సంభాషణే'. ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న టీసీపీ సంభాషణను కూడా చాలా రకాల మెషీన్లలో 432000 సెకన్ల దాకా, అంటే 5 రోజులు, పట్టిక గుర్తుంచుకుంటుంది. సరికొత్త తరం మెషీన్లలో ఈ గడువును 350 సెకన్లకు తగ్గించారు.

అక్కడ పనికొచ్చేది మతిమరుపు కాపలానే. ఏసీఎల్‌లో ఆ అడ్రసును అడ్డగిస్తూ 90వ నంబరు వరుస వేస్తే, అవతలి నుంచి వచ్చే తర్వాతి ప్యాకెట్టే ఆగిపోతుంది. ఎన్ని గంటలుగా మాట్లాడుకుంటున్నారన్నది దానికి లెక్కలేదు, కాగితంలో వద్దని ఉంది, అంతే. అమెజాన్ సొంత పత్రాలు కూడా నడుస్తున్న సంభాషణను వెంటనే తెంచాలంటే ఏసీఎల్ వాడమనే చెబుతాయి. సెక్యూరిటీ గ్రూప్‌లో నియమం తీయడం, ఏసీఎల్‌లో వరుస వేయడం, రెండూ చేయాలి. ఆ తర్వాత సర్వర్ మీద ఆ లాగిన్ తాళాలు కూడా రద్దు చేయాలి, లేకపోతే మనిషి వేరే అడ్రసు నుంచి వస్తాడు.

ఈ పట్టిక గురించి ఇంకో చిన్న మాట. జ్ఞాపకానికి చోటు కావాలి. ఒక్కో మెషీన్ సైజును బట్టి ఎన్ని సంభాషణల్ని గుర్తుంచుకోగలదో పరిమితి ఉంటుంది. అది నిండితే కొత్తవాళ్ల ప్యాకెట్లు పారేస్తుంది. సర్వర్ ప్రాసెసర్ ఖాళీగా, మెమరీ ఖాళీగా ఉండి, కొందరికి మాత్రం సైటు తెరుచుకోకపోతే ఈ అనుమానం రావాలి. లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు `eth0` అయితే ఇలా చూడొచ్చు:

```
ethtool -S eth0 | grep conntrack_allowance
```

`conntrack_allowance_exceeded` పక్కన అంకె పెరుగుతూ పోతుంటే పట్టిక నిండుతోందని అర్థం. దీనికీ ఒక ఉపాయం ఉంది. ఒక పోర్టును లోపలికి అందరికీ తెరిచి, బయటికి కూడా అన్నీ అందరికీ వదిలేస్తే, ఎలాగూ జవాబుకు అడ్డు లేదు కాబట్టి అమెజాన్ ఆ టీసీపీ, యూడీపీ సంభాషణల్ని మామూలుగా పట్టికలో రాయదు. బహిరంగ వెబ్‌సైటు 443కు చాలాసార్లు జరిగేది ఇదే. అలాంటి చోట నియమం తీసేస్తే నడుస్తున్న సంభాషణ కూడా అక్కడికక్కడే తెగుతుంది. పైన చెప్పిన ఎస్‌ఎస్‌హెచ్ కేసులో అలా కాకపోవడానికి కారణం, అది ఒక్క అడ్రసుకే తెరిచిన పోర్టు కావడం.

ఇదంతా అమెజాన్ కథ. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూప్ అనే ఒక్కటే ఉంటుంది. దాన్ని సబ్‌నెట్‌కైనా, మెషీన్ నెట్‌వర్క్ కార్డుకైనా తగిలించవచ్చు. అందులో అనుమతులూ ఉంటాయి, అడ్డగింపులూ ఉంటాయి, వరుస నంబర్లూ ఉంటాయి. చూడ్డానికి అచ్చం ఏసీఎల్‌లా ఉంటుంది గానీ స్టేట్‌ఫుల్. గూగుల్ క్లౌడ్‌లో వీపీసీ ఫైర్‌వాల్ నియమాలూ అంతే. అమెజాన్ ఏసీఎల్‌తో చేయి కాలినవాళ్లు అక్కడికి వెళ్లి, అలవాటు కొద్దీ జవాబుల కోసం 1024 నుంచి 65535 దాకా లోపలికి తెరిచి పెడితే, ఆ శ్రేణిలోని పోర్టులన్నిటికీ కొత్తవాళ్లను పిలిచినట్టే. వెనకాల ఆపడానికి రెండో కాపలా ఉంటుందన్న హామీ కూడా అక్కడ లేదు.